పార్కిన్సన్స్ ఉన్న పెద్దవారు ఇంట్లో పడిపోకుండా: కుటుంబం వరుసగా చూసుకోవలసినవి

పార్కిన్సన్స్ ఉన్న పెద్దాయన పడిపోయారని తెలియగానే ఇంట్లోవాళ్లు ముందు నేల వైపు చూస్తారు. టైల్ మీద నీళ్లు పడ్డాయా, పట్టా మడత పడిందా, చెప్పు తట్టుకుందా అని వెతుకుతారు. అది చూడవలసిందే. కానీ ఈ జబ్బులో పొడి నేల మీద, పట్టపగలు, ఏదీ తగలకుండానే పడిపోవడం మామూలు. కూర్చున్నచోటి నుంచి లేచేటప్పుడు, వెనక్కి తిరిగేటప్పుడు, గుమ్మం దాటేటప్పుడు, తలుపును తన వైపు లాగేటప్పుడు ప్రమాదం ఎక్కువ. అందువల్ల ఇంటిని గదులవారీగా తనిఖీ చేయడం కంటే, ఆయన ఉదయం లేచినప్పటి నుంచి నడిచే దారి వెంట మనమూ నడిచి, ఆ దారిలో ఇలాంటి క్షణాలు ఎక్కడెక్కడ వస్తాయో గుర్తించడం మేలు. ఈ పట్టికను ఆ వరుసలోనే రాశాను. ఉదాహరణగా మా మామగారి సంగతే తీసుకుంటున్నాను. ఆయనకు 74 ఏళ్లు, జబ్బు బయటపడి ఎనిమిదేళ్లయింది.

1. ముందు మూడు వారాలు ఒక నోటుపుస్తకం

గోడకు కడ్డీలు బిగించడానికి మేస్త్రీని పిలిచే ముందు, ఎక్కడ, ఎప్పుడు పడుతున్నారో తెలియాలి. పడిన ప్రతిసారీ, పడబోయి గోడనో మనిషినో పట్టుకుని నిలదొక్కుకున్న ప్రతిసారీ ఒక వరుస రాయాలి. అందులో సమయం, చోటు, ఆ క్షణంలో ఏం చేస్తున్నారు, ముందుకు పడ్డారా వెనక్కి పడ్డారా, అంతకుముందు మాత్ర వేసుకుని ఎంతసేపైంది అనే ఐదు విషయాలు ఉంటే చాలు. పడబోయి ఆగిన సందర్భాలను పెద్దవాళ్లు దాచిపెడతారు. చెబితే కదలనివ్వరేమోనని వారి భయం. కాబట్టి ఈ పుస్తకం ఆయన్ని కట్టడి చేయడానికి కాదని ముందే చెప్పాలి.

మా ఇంట్లో మూడు వారాల్లో ఏడు వరుసలు వచ్చాయి. రెండు నిజంగా పడినవి, ఐదు పడబోయి ఆగినవి. అందులో నాలుగు తెల్లవారుజామున ఐదు నుంచి ఆరున్నర మధ్య, మంచం నుంచి బాత్‌రూమ్‌కు వెళ్లే దారిలో జరిగాయి. రెండు వంటింటి గుమ్మం దగ్గర, వెనక నుంచి ఎవరో పిలిస్తే తిరగబోయినప్పుడు. ఒకటి ఫ్రిజ్ తలుపు లాగినప్పుడు. మేమంతా భయపడిన మెట్ల మీద ఒక్కటీ లేదు. బాత్‌రూమ్ లోపల కూడా ఒక్కటీ లేదు, అక్కడికి చేరే దారిలోనే ఉన్నాయి. ఆ పుస్తకం లేకపోతే డబ్బంతా మెట్లకే పెట్టి ఉండేవాళ్లం.

2. మందులు, నిలబడినప్పటి బీపీ

తెల్లవారుజామున ఎక్కువగా పడటానికి రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి, ఈ జబ్బుకు ఇచ్చే ప్రధానమైన మందు లెవోడోపా రాత్రి వేసుకున్నది, దాని ప్రభావం అప్పటికి అయిపోయి, ఒళ్లు బిగుసుకుని ఉండటం. రెండోది, పడుకుని లేవగానే బీపీ పడిపోవడం. ఈ జబ్బే బీపీని నిలబెట్టే నరాల వ్యవస్థను దెబ్బతీస్తుంది. దానికి తోడు లెవోడోపా, బీపీ మాత్రలు, ప్రోస్టేటు సమస్యకు ఇచ్చే కొన్ని మాత్రలు బీపీని ఇంకా తగ్గిస్తాయి.

దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి బీపీ తీయాలి. తర్వాత నిలబెట్టి, ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు మరోసారి తీయాలి. ఆ సమయంలో పక్కన ఒక మనిషి పట్టుకునే ఉండాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకుమించి పడిపోతే అది డాక్టరుకు చూపవలసిన లెక్క. మా మామగారికి పడుకున్నప్పుడు 138/80 ఉన్నది, నిలబడిన మూడు నిమిషాలకు 112/70కి దిగింది. అయినా ఆయన ఒక్కసారి కూడా కళ్లు తిరుగుతున్నాయని అనలేదు. కాళ్లలో సత్తువ లేదు అని మాత్రమే అనేవారు. కొందరు మెడ, భుజాలు లాగుతున్నాయంటారు. తల తిరగడం లేదు కాబట్టి బీపీ బాగానే ఉందనుకోకూడదని అప్పుడే తెలిసింది.

ఇక్కడ ఒక పొరపాటు గురించి కొంచెం విడిగా చెప్పాలి. తూలుతున్నారని చెప్పగానే కొన్నిచోట్ల తల తిరుగుడుకు మాత్ర రాసేస్తారు, మందుల షాపువాళ్లు చీటీ లేకుండానే ఇచ్చేస్తారు. అలా ఇచ్చేవాటిలో ప్రోక్లోర్‌పెరజిన్, సినరిజిన్, ఫ్లునరిజిన్ ఉంటాయి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా ఈ కోవలోదే. ఇవి మెదడులో కదలికలకు కావలసిన డోపమిన్ అనే రసాయనం పనిచేయకుండా అడ్డుపడి, పార్కిన్సన్స్ లక్షణాలను పెంచగలవు. అంటే తూలుడు తగ్గడానికి వేసుకున్న మాత్రతోనే తూలుడు పెరుగుతుంది. మాకూ అలాగే జరిగింది. ఒక క్లినిక్‌లో రాసిచ్చిన తల తిరుగుడు మాత్ర నెలన్నర వాడాక గాని, నడక పాడవడానికి దానికి సంబంధం ఉండవచ్చని ఎవరికీ తట్టలేదు. ఆయన వేసుకునే ప్రతి మాత్ర పేరూ, సమయమూ ఒకే కాగితం మీద రాసి, ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా ముందు దాన్ని చేతిలో పెట్టాలి. నిద్ర మాత్రలనూ అందులో రాయాలి.

మందులను ఇంట్లోవాళ్లే మార్చకూడదు. ముఖ్యంగా లెవోడోపాను ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. మా న్యూరాలజిస్టు నోటుపుస్తకం చూసి బీపీ మాత్రను సవరించారు. అంతవరకు ఏడింటికి కాఫీ తర్వాత వేస్తున్న మొదటి లెవోడోపాను ఐదింటికే మంచం మీద ఇచ్చి, అరగంట నుంచి ముప్పావుగంట దాకా లేవనివ్వవద్దన్నారు. వేరొకరికి వేరే మార్పు సరిపోవచ్చు. అయితే ఆ నిర్ణయానికి కావలసిన సమాచారం మాత్రం ఇంటి నుంచే వెళ్లాలి.

3. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా

మంచం అంచున కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్లు తుంటి కంటే పైకి రాకూడదు. నవారు మంచం, నులక మంచం మధ్యలో కుంగి ఉంటాయి కాబట్టి వాటి మీద నుంచి లేవడం కష్టం. ఆయనకు అలవాటైన మంచమే అయినా మార్చక తప్పదు. కుంగిపోయే సోఫాలదీ అదే సంగతి. చేతులున్న గట్టి కుర్చీ ఒకటి ఆయనకని కేటాయించాలి.

లేచే పద్ధతిని ఫిజియోథెరపిస్టు ఎదుట రెండు మూడుసార్లు సాధన చేయించాలి. మెలకువ వచ్చాక ముందు పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించి, అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చుని, మడమలను పైకీ కిందికీ ఆడించాలి. తర్వాత అంచుకు జరిగి, పాదాలను మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి తెచ్చి, ముక్కు కాలివేళ్ల మీదుగా వచ్చేంత ముందుకు వంగి, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టి లేవాలి. ముందుకు వంగకుండా లేవబోతే బరువు మడమల మీదే ఉండిపోయి మళ్లీ వెనక్కి కూలబడతారు. ఇంట్లోవాళ్లు ఎదురుగా నిలబడి చేతులు పట్టి లాగినా అదే జరుగుతుంది. లాగిన కొద్దీ ఆయన వెనక్కి వంగుతారు.

రాత్రి మూత్రానికి లేవవలసి రావడం ఈ జబ్బులో సాధారణం. మగవారికి మంచం పక్కనే మూత్రం పట్టే ప్లాస్టిక్ పాట్ పెడితే, రాత్రి నడకల్లో చాలావాటిని తప్పించవచ్చు. ఆడవారికి మంచం పక్కన కమోడ్ కుర్చీ ఉపయోగపడుతుంది. మా మామగారు దీనికి వారం రోజులు ఒప్పుకోలేదు. ఆ గదిలో పగలు పాట్ కనిపించకుండా తీసేస్తామన్నాక ఒప్పుకున్నారు. ఇలాంటివాటిలో పరువు పట్టింపును పట్టించుకోకపోతే వస్తువు కొని కూడా ప్రయోజనం ఉండదు. నడవక తప్పనప్పుడు దారి పొడవునా, మోకాలి ఎత్తుకు లోపు, మనిషి కదిలితే వెలిగే చిన్న దీపాలు ఉండాలి. ఛార్జింగ్‌తో పనిచేసేవైతే కరెంటు పోయినా వెలుగుతాయి. దారిలో పట్టాలు, కాలు తుడుచుకునే గుడ్డలు, ఛార్జర్ తీగలు ఏవీ ఉండకూడదు.

4. గుమ్మాలు, మలుపులు

నడుస్తూ నడుస్తూ పాదాలు నేలకు అంటుకుపోయినట్టు ఆగిపోవడం పార్కిన్సన్స్‌కు ప్రత్యేకమైన ఇబ్బంది. ఒంటి పైభాగం ముందుకు పోతుంది, కాళ్లు కదలవు, అక్కడే పడతారు. ఇరుకు దారుల్లో, గుమ్మాల్లో, తిరిగేటప్పుడు, ఎవరైనా తొందరపెట్టినప్పుడు ఇది ఎక్కువగా వస్తుంది. విచిత్రమేమిటంటే, నేల మీద దాటడానికి ఒక గీత కనిపిస్తే అదే కాలు చాలామందిలో లేస్తుంది. అలవాటుగా, తెలియకుండా వేసే అడుగు జబ్బుతో దెబ్బతింటుంది గాని, చూసి, అనుకుని వేసే అడుగుకు మెదడులో వేరే దారి ఉంది.

ఆగిపోయే చోటు తెలిశాక, అక్కడ నడిచే దారికి అడ్డంగా నాలుగైదు టేపు చారలు అంటించవచ్చు. నల్ల గ్రానైట్ మీద తెలుపు, తెల్ల టైల్స్ మీద నలుపు లేదా ముదురు రంగు వాడాలి. ఆయన బాగా నడిచే సమయంలో వేసే అడుగును కొలిచి, అంతే దూరంలో అంటించాలి. సాధారణంగా అది 40 నుంచి 50 సెంటీమీటర్లు ఉంటుంది. చివరి చార గుమ్మం అవతల పడాలి, లేకపోతే సరిగ్గా గుమ్మంలోనే ఆగిపోతారు. మన ఇళ్లలో గడపకు పసుపు రాసి బొట్లు పెట్టే అలవాటు ఇక్కడ కలిసివస్తుంది. రంగు తేడాతో కనిపించే గడపను చూసి కాలెత్తి దాటడం సులువు. నేల రంగులోనే కలిసిపోయిన బాత్‌రూమ్ గడపే ఎక్కువ ప్రమాదం. దాని అంచుకూ ఒక పట్టీ అంటించాలి. అయితే ఈ చారలు అందరికీ పనిచేయవు. కొందరికి కొన్ని వారాల తర్వాత అలవాటైపోతాయి. లేనివి కనిపిస్తున్నాయనే వారికి, మతిమరుపు ముదిరిన వారికి చార ఏదో అడ్డంలా, పాములా అనిపించి భయపెట్టవచ్చు. అలాంటి వారికి వెంటనే తీసేయాలి.

ఆగిపోయినప్పుడు ఇంట్లోవాళ్లు చేయవలసింది కొంచెమే. లాగకూడదు, నెట్టకూడదు, “నడు, నడు” అనకూడదు. ఆయన పూర్తిగా ఆగి, ఊపిరి పీల్చుకుని, బరువును ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి రెండుసార్లు మార్చి, లెక్కపెట్టి, పెద్ద అడుగు వేయాలి. మనం పక్కన నిలబడి మన పాదాన్ని ఆయన ముందు అడ్డంగా పెట్టి “నా కాలు దాటండి” అంటే చాలాసార్లు పనిచేస్తుంది. ఆయన అడుగెత్తగానే మన పాదం తీసేయాలి.

తిరగడానికి నియమం ఒకటే: ఉన్నచోటే గిర్రున తిరగకూడదు, కాళ్లు ఒకదాని మీద ఒకటి వేయకూడదు. చోటుంటే ఎడ్లబండి మలుపు తిరిగినట్టు విశాలంగా తిరిగి రావాలి. చోటు లేకపోతే గోడ గడియారం ముల్లులా కొంచెం కొంచెంగా, ప్రతిసారీ పాదమెత్తి పెడుతూ తిరగాలి. ఇందుకోసం మంచానికి, బీరువాకు మధ్య, వంటగట్టు ముందు కనీసం మూడడుగుల ఖాళీ చేయాలి. మా ఇంట్లో వంటింటి గుమ్మం పక్కన ఉన్న బియ్యం డబ్బాను తీసేశాం. అంతకంటే ముఖ్యంగా, వెనక నుంచి పిలవడం మానేశాం. ఏదైనా చెప్పాలంటే ఆయన ఎదుటికి వెళ్లి చెబుతున్నాం. నడుస్తున్నప్పుడు మాట్లాడించడం, చేతికి కాఫీ గ్లాసు ఇవ్వడం కూడా మానాలి. నడకా మాటా రెండూ ఒకేసారి చేయవలసి వస్తే నడకే తప్పుతుంది. ఫోను మోగితే పరుగెత్తకుండా సెల్లు జేబులోనే ఉండాలి.

ఫ్రిజ్, బీరువా, లోపలికి తెరుచుకునే తలుపు లాగేటప్పుడు ఎదురుగా నిలబడితే, తలుపుతో పాటు ఒళ్లూ వెనక్కి పోతుంది. పక్కగా నిలబడి, ఒక కాలు ముందుకు ఒక కాలు వెనక్కి పెట్టి, రెండో చేత్తో కదలనిదాన్ని పట్టుకుని లాగాలి. రోజూ వాడేవి నడుముకూ భుజానికీ మధ్య ఎత్తులో ఉంటే సగం అవస్థ తప్పుతుంది.

5. బాత్‌రూమ్

ఇక్కడ చేయవలసినవి చాలావరకు అందరికీ తెలిసినవే కాబట్టి, తరచూ తప్పు జరిగేవే చెబుతాను. టవల్ వేలాడదీసే రాడ్డు మనిషి బరువు ఆపదు, రబ్బరు కప్పుతో అతుక్కునే కడ్డీ కూడా నమ్మదగినది కాదు. పిడికిట్లో ఇమిడే మందం, అంటే సుమారు 32 నుంచి 38 మిల్లీమీటర్లు ఉన్న స్టీలు కడ్డీని గోడలోకి బోల్టులతో బిగించాలి. బోలు ఇటుక గోడైతే ఆ మాట ముందే పనివాడికి చెప్పాలి. బిగించాక ఇంట్లో బరువైన మనిషి వేలాడి చూడాలి. ఎక్కడ బిగించాలో పనివాడు నిర్ణయించకూడదు. పెద్దాయన్ని బట్టలతోనే కమోడ్ మీద కూర్చోబెట్టి, లేచేటప్పుడు చెయ్యి సహజంగా ఎక్కడికి పోతుందో చూసి, అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి.

గొంతుక్కూర్చునే దొడ్డి ఉంటే కమోడ్‌కు మారాలి. సీటు ఎత్తు నేల నుంచి 43 నుంచి 48 సెంటీమీటర్లు ఉంటే చాలామందికి సరిపోతుంది. స్నానం కూర్చునే చేయాలి. తేలికైన ప్లాస్టిక్ స్టూలు వద్దు, అది జారుతుంది. ఆనుకోవడానికి చేతులు ఉండి, కాళ్లకు రబ్బరు తొడుగులు ఉన్న స్నానపు కుర్చీ కావాలి. నీళ్ల బకెట్ నేల మీద ఉంటే ప్రతి చెంబుకూ వంగాలి, అందుకే దాన్ని ఒక గట్టి పీట మీద పెట్టాలి. బాగా వేడి నీళ్లు బీపీని తగ్గిస్తాయి కాబట్టి గోరువెచ్చటివి చాలు. లోపలి గడియ తీసేసి, బయట నుంచి కూడా తెరవగలిగే తాళం పెట్టాలి. వీలైతే తలుపు బయటికి తెరుచుకునేలా మార్చాలి. లోపల పడిన మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే లోపలికి తెరుచుకునే తలుపు కదలదు.

6. చెప్పులు, బట్టలు, వాకర్

హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉండాలి. అయితే జారకూడదని మరీ మందమైన రబ్బరు అడుగు ఉన్నవి కొంటే, కాళ్లు ఈడ్చి నడిచేవారికి అవి నేలకు పట్టేసి ముందుకు పడేస్తాయి. వట్టి సాక్సులతో నడవకూడదు. లుంగీ, పంచె, చీర కుచ్చిళ్లు చీలమండకు పైనే ఆగాలి.

మందుల షాపులో దొరికే, ఎత్తి ఎత్తి ముందుకు పెట్టే నాలుగు కాళ్ల వాకర్‌ను ఫిజియోథెరపిస్టు చూడకుండా కొనవద్దు. ప్రతి అడుగుకూ దాన్ని ఎత్తవలసి రావడంతో నడక లయ తెగుతుంది, కొందరు వెనక్కి పడతారు. చక్రాలున్నది మేలైనా, అడుగులు వాటంతటవే వేగం పుంజుకునే వారికి బ్రేకు లేని చక్రాలు ప్రమాదం.

7. పడిపోయినప్పుడు

వెంటనే లేపవద్దు. తుంటి, గజ్జల్లో తీవ్రమైన నొప్పి ఉన్నా, ఒక కాలు పొట్టిగా బయటికి తిరిగినట్టు ఉన్నా తుంటి ఎముక విరిగి ఉండవచ్చు కాబట్టి కదపకుండా 108కి ఫోన్ చేయాలి. తలకు దెబ్బ తగిలి, రక్తం పలచబడే మందులు వాడుతుంటే, పైకి బాగానే ఉన్నా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. వాంతి, మగత, కొత్త తలనొప్పి వస్తే మందులు వాడని వారినైనా తీసుకెళ్లాలి. అక్కడ కూడా ఆయన లెవోడోపా వేళ తప్పకుండా చూడటం మన పనే.

దెబ్బలేమీ లేకపోతే చంకల కింద చేతులు వేసి ఎత్తవద్దు. పక్కకు తిప్పి, రెండు చేతులూ రెండు మోకాళ్లూ నేలకు ఆనించి నిలదొక్కుకోనిచ్చి, ముందు ఒక గట్టి కుర్చీ పెట్టి, దాని మీద చేతులు ఆనించి, బలమైన కాలు ముందుకు వేసి తనంతట తానే లేచేలా చూడాలి. వెనక ఇంకో కుర్చీ సిద్ధంగా ఉంచి అందులో కూర్చోబెట్టాలి. ఆ తర్వాత నోటుపుస్తకంలో వరుస రాయాలి.

ఈ మార్పుల తర్వాత మూడు వారాల్లో మా పుస్తకంలో రెండే వరుసలు వచ్చాయి. రెండూ పడబోయి ఆగినవే, రెండూ వంటింటి గుమ్మం దగ్గరే. అక్కడ చారలను ఒక అడుగు దూరం లోపలికి పొడిగించాం. జబ్బు ముదిరేకొద్దీ పడే చోట్లు మారతాయి గనుక, మందు మారినప్పుడల్లా, ఆస్పత్రి నుంచి వచ్చినప్పుడల్లా మళ్లీ మూడు వారాలు రాస్తున్నాం. ఒక్కటి మాత్రం అపాయింట్‌మెంటు దాకా ఆపకుండా న్యూరాలజిస్టుకు చెప్పాలి. జబ్బు మొదలైన మూడేళ్లలోపే పదే పదే పడుతుంటే, ముఖ్యంగా వెనక్కి పడుతుంటే, కిందికి చూడటం కష్టంగా ఉందంటే, అది మామూలు పార్కిన్సన్స్ కాకుండా దాని పోలికలున్న మరో జబ్బు కావచ్చు. వైద్యమూ, ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తలూ అప్పుడు వేరుగా ఉంటాయి.